‘నెలకు రెండువేలే, పోతే ఆపేస్తా’: జీతగాడి పందెం బడ్జెట్ ఎక్కడ తెగుతుంది?

ఐపీఎల్ మొదలయ్యే వారంలో ఒంగోలు, నెల్లూరు టీ కొట్ల దగ్గర ఒక మాట తరచు వినిపిస్తుంది. ‘నేనేం అప్పు చేసి ఆడను. నెలకు రెండువేలు సరదాకి పక్కన పెట్టుకుంటా. అది పోతే ఆపేస్తా.’ చెప్పేది ఎక్కువగా నెల జీతం వచ్చే మనిషే. ఇంట్లో భార్య, పిల్లలు, ఒకరో ఇద్దరో పెద్దవాళ్లు ఉంటారు. మాటలో తప్పు పట్టడానికి ఏమీ కనిపించదు. హద్దు ఉంది, ఆపే నియమం ఉంది. అయినా ఈ ఏర్పాటు రెండు మూడు నెలలు దాటి నిలవడం అరుదు. కారణం మనసు గట్టిగా లేకపోవడమని అందరూ అంటారు. కానీ అంతకుముందే లెక్కలో కొన్ని చిల్లులు ఉన్నాయి.

క్లుప్తంగా: ‘ఇంత పోతే ఆపేస్తా’ అన్న హద్దుకు పెట్టుకున్న పేరు స్టాప్‌లాస్, అది షేర్ మార్కెట్ నుంచి వచ్చిన మాట. పందెంలో అది నష్టాన్ని మధ్యలో ఆపలేదు, ఆడే పందేల సంఖ్యకు హద్దు మాత్రం పెడుతుంది. బడ్జెట్‌ను జీతంలో శాతంగా కాకుండా నెలాఖరు మిగులు నుంచి లెక్కిస్తే రెండువేల అంకె చాలా ఇళ్లలో నాలుగైదు వందలకు దిగుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఆన్‌లైన్ పందెం చట్టవిరుద్ధం. అక్కడ పోయేది పెట్టిన డబ్బు ఒక్కటే కాదు కాబట్టి ఏ స్టాప్‌లాసూ సరిపోదు.

## అరువు తెచ్చుకున్న మాట

షేర్ మార్కెట్లో స్టాప్‌లాస్ అంటే ముందుగా పెట్టి ఉంచే ఒక ఆర్డరు. వంద రూపాయలకు కొన్న షేరు తొంభై ఐదుకు పడితే అమ్మేయమని సిస్టమ్‌కు చెప్పి ఉంచుతారు. ధర అక్కడికి రాగానే, కొన్నవాడు నిద్రపోతున్నా సరే, అమ్మకం జరిగిపోతుంది. దాదాపు అయిదు పోతుంది, మామూలుగా తొంభై ఐదుకు అటూఇటుగా చేతికి వస్తుంది.

పందెంలో ఈ రెండూ ఉండవు. వంద రూపాయల పందెం ఓడితే వందా పోతుంది. అయిదు దగ్గర ఆగి తొంభై ఐదు వెనక్కి తెచ్చుకునే వీలు లేదు. ఇక రెండో తేడా మరీ ముఖ్యం. ఆపే పని చేయాల్సింది సిస్టమ్ కాదు, అప్పుడే ఓడిపోయి కూర్చున్న మనిషి. నియమం రాసేటప్పుడు ఉన్న మనఃస్థితి వేరు, అది అమలు చేయాల్సిన రాత్రి పదకొండు గంటలప్పటి మనఃస్థితి వేరు.

అలాగని ఆటోమేటిక్ స్టాప్‌లాస్ ఉంటే అంతా క్షేమమనీ కాదు. 2021-22 నుంచి మూడేళ్లలో, ధర ఎటు కదులుతుందన్న అంచనా మీద నడిచే ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో ఆడిన వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారని షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024 సెప్టెంబరులో లెక్క తేల్చింది. వాళ్లందరి తెరల మీదా స్టాప్‌లాస్ పెట్టుకునే సదుపాయం ఉంది. ఒక్కో నష్టాన్ని చిన్నది చేయడం వేరు, మొత్తం ఆటను లాభానికి తిప్పడం వేరు.

## ముందు చట్టం సంగతి

బడ్జెట్ మాట్లాడుకునే ముందు, ఆ డబ్బు దేనిమీద పెట్టొచ్చో చూడాలి. ఆంధ్రప్రదేశ్‌లో 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2020లో సవరించి ఆన్‌లైన్ జూదాన్ని, పందేలను అందులోకి తెచ్చారు. నడిపేవాళ్లకే కాదు, ఆడేవాళ్లకు కూడా శిక్ష ఉంది. పదమూడు ముక్కల రమ్మీలో నైపుణ్యానిదే పైచేయి అని సుప్రీంకోర్టు 1960ల చివరలోనే చెప్పింది. అది ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసే. అయినా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీకి 2020 తర్వాత ఇక్కడ చోటు లేకుండా పోయింది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం దేశమంతటికీ ఇదే గీత గీసింది. డబ్బుతో ఆడించే ఆన్‌లైన్ ఆటలను నడపడం, వాటికి ప్రకటనలు ఇవ్వడం, వాటికి డబ్బు బదిలీ చేసిపెట్టడం నేరాలయ్యాయి.

ఇక చట్టపరంగా మిగిలినవి ముఖ్యంగా గోవా లాంటి చోట కాసినోలు, లైసెన్సు ఉన్న గుర్రప్పందేలు. అక్కడ పన్నే పెద్ద దెబ్బ. 2025 సెప్టెంబరు 22 నుంచి వీటిమీద జీఎస్టీ 40 శాతం. అది నిర్వాహకుడి కమీషన్ మీద కాదు, గుర్రప్పందెంలో పెట్టిన పందెం మొత్తం మీద, కాసినోలో కొన్న చిప్స్ మొత్తం మీద. పైగా గెలుపు మీద 30 శాతం ఆదాయపు పన్ను, దానిమీద సెస్సు. ఆ గెలుపులోంచి ఓటములు తీసేసుకునే వీలు లేదు. ఒకరోజు 12,000 గెలిచి, మిగతా రోజుల్లో 15,000 పోగొట్టుకున్న మనిషి నిజానికి మూడువేలు నష్టపోయాడు. పన్ను చట్టం దృష్టిలో మాత్రం అతనికి 12,000 ఆదాయం ఉంది.

టీ కొట్టు దగ్గర మాట మాత్రం వీటి గురించి కాదు. అది ఫోన్‌లో క్రికెట్ గురించే. అందుకే ఆ లెక్కే ముందు చూడాలి. అది ఎందుకు తెగుతుందో తెలుసుకోవడానికే.

## తొంభై పైసల లెక్క

బుకీ దగ్గరైనా, యాప్‌లోనైనా, రెండు వైపులా సమానంగా ఉన్న పందేనికి రూపాయికి రూపాయి రాదు. వంద పెట్టి గెలిస్తే తొంభై వస్తుందనుకుందాం. ఓడితే వంద పోతుంది. వంద పందేల్లో యాభై గెలిచి యాభై ఓడితే వచ్చింది 4,500, పోయింది 5,000. పెట్టిన 10,000 మీద 500 తగ్గింది. అంటే తిప్పిన ప్రతి వందకూ సగటున అయిదు రూపాయలు ఆడించేవాడికి.

ఈ ‘తిప్పిన’ అనే మాట దగ్గరే చాలా బడ్జెట్లు పొరబడతాయి. జేబులోంచి తీసింది రెండువేలే కావచ్చు. కానీ గెలిచినప్పుడు వచ్చినది మళ్లీ పెడుతుంటే అదే రెండువేలు నెలలో పదిహేను ఇరవై సార్లు తిరుగుతుంది. ఐపీఎల్‌లో ఈమధ్య సీజన్‌కు 74 మ్యాచ్‌లు, రెండు నెలల వ్యవధి. నెలకు 35 మ్యాచ్‌లు, ఒక్కో మ్యాచ్‌కు వంద రూపాయల పందేలు పది అనుకుంటే తిప్పిన మొత్తం 35,000. దానిమీద అయిదు శాతం 1,750. రెండువేల బడ్జెట్‌లో దాదాపు అంతా సగటునే పోతుంది. అదృష్టం బాగుండకపోవడం దాకా వెళ్లక్కర్లేదు.

నెలకు సగటున 1,750 పోయే ఆటలో 2,000 దగ్గర గీత గీస్తే, ఆ గీత ఎప్పుడో ఒకసారి తగిలేది కాదు. పైన చెప్పిన వేగంతో ఆడితే సగానికి పైగా నెలల్లో, నెల ముగిసేలోపే, ఎక్కడో ఒకచోట ఆ గీత తగులుతుందని సంభావ్యత లెక్క చెబుతుంది. అంటే స్టాప్‌లాస్ అమలు చేయాల్సిన పరిస్థితి ఈ మనిషికి మామూలు సంగతి. అతను మాత్రం దాన్ని ఎప్పుడో వచ్చే ఆపదలా ఊహించుకుని నియమం రాసుకున్నాడు.

గీత దగ్గర నిజంగానే ఆగితే సగటు నష్టం కొంత తగ్గుతుంది. అయితే అది స్టాప్‌లాస్‌కు ఉన్న మహిమ వల్ల కాదు, మిగతా పందేలు ఆడనందువల్ల. మొదటినుంచీ మ్యాచ్‌కు పదికి బదులు మూడే ఆడితే అంతకంటే ఎక్కువ తగ్గేది.

## రెండువేలు దేనిలో ఎంత?

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒంగోలులో అద్దెకు ఉంటూ చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌గా చేసే మనిషి. చేతికి వచ్చేది 36,000. భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి. అద్దె ఏడువేలు. సరుకులు, పాలు, గ్యాస్ కలిపి పదివేలు. స్కూలు ఫీజుకు నెలనెలా తీసిపెట్టేది, ఆటోకు కలిపి నాలుగున్నరవేలు. తల్లి బీపీ, షుగర్ మందులకు రెండువేలు. బండి పెట్రోలు, కరెంటు, ఫోన్లకు నాలుగువేలు. లక్ష రూపాయల చీటీ, ఇరవై నెలలది, నెలకు అయిదువేలు. మొత్తం 32,500. మిగులు 3,500.

జీతంలో రెండువేలు అయిదున్నర శాతం. వినడానికి చిన్నదే. ఆదాయంలో ఇంత శాతం దాటకూడదని చెప్పే సలహాలన్నీ ఇలాగే ఓదార్పునిస్తాయి. కానీ అద్దె, ఫీజు, మందులు పందెం కోసం తగ్గేవి కావు. కాబట్టి పోల్చాల్సింది మిగులుతో. 3,500లో రెండువేలంటే 57 శాతం. ఈ మిగులే పిల్లకు జ్వరం వచ్చినా, బంధువుల ఇంట్లో పెళ్లికి చదివింపులు రాయాల్సి వచ్చినా, బండి టైరు పోయినా ఆదుకునేది. ఏడాదికి చూస్తే 24,000. అంటే దాదాపు అయిదు నెలల చీటీ వాయిదాలు.

మిగులు నుంచి లెక్క ఇలా సాగుతుంది. అందులో రెండువేలు అవసరానికని పక్కన పెడితే 1,500 మిగిలింది. అది ఇంటిల్లిపాది సరదాకు. సినిమా, బయట భోజనం, ఆదివారం కొత్తపట్నం బీచ్. అయిదుగురి సరదా డబ్బులో ఒకరి వాటా మూడు వందలు. కొంచెం స్వార్థం కలుపుకున్నా నాలుగు వందలు. ఇంటిని పోషించే ఈ జీతగాడి వినోదపు బడ్జెట్ నిజానికి ఇది.

నాలుగు వందల బడ్జెట్‌లో ఒక్కో పందెం ఇరవై రూపాయలు దాటకూడదు. బడ్జెట్‌ను కనీసం ఇరవై ముక్కలు చేయకపోతే పట్టుమని ఒక సాయంత్రం కూడా నిలవదు. ఈ మాట చెబితే చాలామంది నవ్వుతారు. ఇరవై రూపాయలకు ఆడితే మజా ఏముంటుందని అడుగుతారు. ఆ ప్రశ్నలోనే ఒక కొలత దాగి ఉంది. పోతే ఏమాత్రం నొప్పి పుట్టని డబ్బుతో ఆడినప్పుడు సరదా లేకపోతే, ఆ ఖర్చును ఇంటి బడ్జెట్‌లో వినోదం పద్దు కింద రాయడం తప్పు. అది ఆదాయం మీద ఆశ. దానికి వేరే పద్దు కావాలి.

## నియమం తెగే తీరు

అదే సూపర్‌వైజర్ రెండువేలతో, పోతే ఆపేయాలన్న నియమంతో మొదలుపెట్టాడనుకుందాం. ఒకటో తారీఖు జీతం పడిన రోజే రెండువేలు యాప్‌లో వేశాడు. తొమ్మిదో తారీఖుకు 1,400 పోయింది. మర్నాడు ఒక మంచి సాయంత్రం, 1,700 వచ్చింది. ఇప్పుడు యాప్‌లో 2,300 ఉంది. సొంత డబ్బు రెండువేలూ వెనక్కి వచ్చాయి, పైన మూడు వందలు లాభం.

మొదటి చిల్లు ఇక్కడే. లాభమైన మూడు వందలు ‘వాళ్ల డబ్బు’గా, ఎలా పోయినా ఫర్వాలేనిదిగా కనిపిస్తుంది. ఆ ధైర్యంతో పందెం వంద నుంచి రెండు వందలైంది. బడ్జెట్ మారలేదు, నియమం మారలేదు. తిప్పే వేగం మాత్రం రెట్టింపైంది. పద్నాలుగో తారీఖుకు మొత్తం ఖాళీ.

గీత తగిలింది. ఆగాలి. కానీ నెలలో ఇంకా పదహారు రోజులున్నాయి, రోజూ మ్యాచ్ ఉంది. అప్పుడు వచ్చే నెల రెండువేలను ఇప్పుడే వాడుకుందామన్న ఆలోచన వస్తుంది. ఇది నియమం తప్పినట్టు అనిపించదు. ఏడాది లెక్కలో అంతా సరిపోతుందని అనిపిస్తుంది. అయితే ముందు నెలల బడ్జెట్‌ను అరువు తెచ్చుకోవచ్చన్నాక స్టాప్‌లాస్‌కు అడుగు అంటూ ఉండదు. పన్నెండు నెలల డబ్బు ఒక్క నెలలో వాడినా ఏడాది లెక్కలో సరిపోతూనే ఉంటుంది.

ఆ రెండువేలు ఇరవయ్యో తారీఖుకు పోయాయి. ఇక్కడ తెలుగులో ఉన్న ఒక మంచి మాట చెడ్డ పని చేస్తుంది. పోయినచోటే వెతుక్కోవాలి. జారిపోయిన ఉంగరానికి సరిపోయే మాటను పందెంలో పోయిన డబ్బుకు అన్వయిస్తారు. తోటి ఉద్యోగి దగ్గర మూడువేలు చేబదులు. ఒకటో తారీఖుకు ఇచ్చేస్తానన్న మాట మీద. ఈసారి సరదా లేదు, రాబట్టాలన్న పట్టుదల ఉంది. కాబట్టి పద్ధతి కూడా మారుతుంది. ఓడిన ప్రతిసారీ పందెం రెట్టింపు చేయడం. ఎప్పుడో ఒకప్పుడు గెలవక తప్పదు, గెలిస్తే అంతకుముందు పోయినదంతా వస్తుంది అన్నది దాని తర్కం.

తొంభై పైసల చెల్లింపులో ఆ తర్కం నాలుగు మెట్లకే ఆగిపోతుంది. వంద ఓడి రెండు వందలు పెట్టి గెలిస్తే వచ్చేది 180, మిగులు 80. వంద, రెండు వందలు ఓడి నాలుగు వందలు గెలిస్తే 360 వస్తుంది, మిగులు 60. వంద, రెండు, నాలుగు వందలు ఓడి ఎనిమిది వందలు గెలిస్తే 720, మిగులు ఇరవై. ఎనిమిది వందలు కూడా ఓడితే అప్పటికి పోయింది 1,500. తర్వాత 1,600 పెట్టి గెలిచినా 1,440 వస్తుంది. గెలిచి కూడా అరవై రూపాయల నష్టం. అది కూడా ఓడితే చేబదులు మొత్తం, మరో వందతో కలిపి, పోయినట్టే. సగానికి సగం అవకాశం ఉన్న పందేలు ఒక సాయంత్రం పది ఆడితే, వాటిలో ఎక్కడో ఒకచోట వరసగా అయిదు ఓడే అవకాశం తొమ్మిదింట ఒకటి. అంటే నెలంతా ఆడేవాడికి ఇది మూడు నాలుగు సార్లు ఎదురుకాక తప్పనిది. దురదృష్టం అని పేరు పెట్టేంత అరుదైనది కాదు.

నెలాఖరుకు లెక్క: సొంతది రెండువేలు, ముందు నెలది రెండువేలు, చేబదులు మూడువేలు. మొత్తం ఏడువేలు. మూడున్నరవేల మిగులున్న ఇంట్లో ఇది రెండు నెలల మిగులు. ఇంతకుమించి లాగితే తర్వాతి మెట్టు నూటికి రెండు రూపాయల వడ్డీకో, భార్య గాజుల తాకట్టుకో వెళుతుంది. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. అది కట్టడానికి డబ్బు ఆ మిగులులోంచే రావాలి. కాబట్టి వచ్చే నెల బడ్జెట్ మొదలయ్యే ముందే కుంచించుకుపోతుంది.

## నగదుతో ఆడే చోట నిలిచే నియమాలు

చేతిలో నగదుతో, తెలిసినవాళ్ల మధ్య, పండగకో ఆదివారానికో ఇంట్లో చిన్న మొత్తాలతో పేకాట ఆడే అలవాటు కోస్తాలో పాతదే. క్రమంగా పేకాట నడిపి కమీషన్ తీసే ఇల్లు, తోట, లాడ్జి గది చట్టం ముందు జూదశాలే. దాని సంగతి వేరు. ఇంట్లో సరదా ఆటలోనూ, ఏడాదికోసారి గోవా వెళ్లినప్పుడూ స్టాప్‌లాస్ కొంతవరకు నిలుస్తుంది. కారణం సులభం. కవరులో ఉన్న నోట్లు అయిపోతే అయిపోయినట్టే. ఫోన్ తీసి మళ్లీ వేసుకునే దారి లేదు.

ఈ ఒక్క గుణాన్ని కాపాడుకోవడమే నియమాల పని. బడ్జెట్ తీసే రోజు జీతం పడిన రోజు కాకూడదు. అద్దె, ఫీజు, చీటీ కట్టేశాక, సరుకులు, మందులు కొనేశాక, పదో తారీఖు దాటాక తీయాలి. ఒకటో తారీఖున ఖాతాలో 36,000 కనిపించినప్పుడు రెండువేలు చిల్లరలా ఉంటుంది. పదో తారీఖున మిగిలిన ఏడెనిమిదివేలలో అదే రెండువేలు పెద్ద నోటు. తీసినది నగదుగానే తీయాలి. యూపీఐ ఉన్న ఫోన్ ఆట దగ్గర ఉంటే కవరుకు అర్థం లేదు.

డబ్బు హద్దుతో పాటు గంటల హద్దు కూడా కావాలి. నష్టం తిప్పిన మొత్తాన్ని బట్టి పెరుగుతుంది, తిప్పిన మొత్తం కూర్చున్న గంటలను బట్టి. డబ్బు గీత తగలకపోయినా తొమ్మిదింటికి లేవాలన్న నియమం, తెల్లారేదాకా కూర్చుని చివరికి గీత తాకే ఆటను ఆపుతుంది. ఈ నియమాన్ని పాటించడం కూడా తేలిక. ఓడిన మనిషి చేతిలో గడియారం అబద్ధం చెప్పదు, అతని లెక్క మాత్రం అబద్ధం చెబుతుంది.

గెలిచిన డబ్బును మరో జేబులో వేసుకుని ఆ రోజు మళ్లీ బల్లమీదకు తేకపోవడం మూడోది. పై ఉదాహరణలో పందెం రెట్టింపైంది గెలిచిన మర్నాడే, ఓడిన మర్నాడు కాదు. గెలుపుకు హద్దు పెట్టుకోవాలని చాలామంది చెప్పేది లాభం దక్కించుకోవడానికి. నిజానికి దాని ఉపయోగం తిప్పే వేగాన్ని పెరగనివ్వకపోవడం. మిగిలినది వచ్చే నెలకు కలుపుకోకూడదు, పోయినది వచ్చే నెలలోంచి తెచ్చుకోకూడదు. రెండు వైపులా మూసి ఉంటేనే నెల నెలగా ఉంటుంది.

లెక్క ఎవరు రాస్తారన్నదీ తేడా తెస్తుంది. ఆడేవాడే రాసుకునే పుస్తకంలో గెలుపులు తారీఖులతో సహా ఉంటాయి, ఓటములు ‘చిల్లర’ అయిపోతాయి. ఇంట్లో పాలపద్దు, చీటీ పుస్తకం చూసే మనిషే ఈ కవరు లెక్కా చూస్తే, తీసింది ఎంత, వెనక్కి తెచ్చింది ఎంత అన్న రెండు అంకెలు చాలు. చాలా ఇళ్లలో ఈ బడ్జెట్ సంగతి భార్యకు తెలియదు. ఆ దాపరికం ఉన్నంతకాలం బయటి కాపలా అంటూ ఏదీ ఉండదు.

## గీతకు అందని నష్టం

ఆన్‌లైన్ యాప్‌లలో ఈ నియమాలు ఎందుకు నిలవవో ఇప్పుడు తేలిగ్గా అర్థమవుతుంది. డబ్బు ఫోన్‌లోనే ఉంది, ఆట రాత్రంతా ఉంది, ఆడేది ఒంటరిగా. కానీ అంతకంటే పెద్ద చిక్కు ఒకటుంది. దాని గురించి టీ కొట్టు దగ్గర మాట్లాడుకోవడం తక్కువ.

నిషేధం తర్వాత కూడా దొరికే యాప్‌లు ఎక్కువగా విదేశాల నుంచి నడిచేవి. వాటికి ఇక్కడ సొంత బ్యాంకు ఖాతా ఉండదు. డబ్బు వేయమని చూపించే యూపీఐ ఐడీ ఎవరో తెలియని వ్యక్తిది, రోజుకొకటి మారుతుంది. గెలిచినప్పుడు డబ్బు వచ్చేది కూడా అలాంటి ఖాతాల నుంచే. ఇవి అద్దెకు తీసుకున్న ఖాతాలు. వీటిలో చాలావాటిలోకి సైబర్ మోసాల డబ్బు కూడా వస్తుంటుంది. మోసపోయినవాళ్లు ఎక్కడో 1930కు ఫోన్ చేసి ఫిర్యాదు చేస్తే, ఆ డబ్బు ఏయే ఖాతాలకు వెళ్లిందో వెతుక్కుంటూ పోలీసులు, బ్యాంకులు గొలుసు కట్టుకుని వస్తారు. ఆ గొలుసులో చీమకుర్తి సూపర్‌వైజర్ జీతం ఖాతా కూడా తగలవచ్చు. అతనికి వచ్చింది 1,700 గెలుపే కావచ్చు. ఆ మొత్తం మీద, ఒక్కోసారి ఖాతా మొత్తం మీదే, హోల్డ్ పడుతుంది.

హోల్డ్ తీయించుకోవాలంటే వేరే రాష్ట్రంలోని సైబర్ పోలీస్ స్టేషన్‌తో ఉత్తరాలు నడపాలి. డబ్బు ఎందుకు వచ్చిందని అడిగితే, పందెంలో గెలిచానని చెప్పాలి. చెబితే రాష్ట్ర చట్టం కింద తప్పు ఒప్పుకున్నట్టే. ఈలోగా అద్దె, చీటీ, స్కూలు ఫీజు ఆ ఖాతా నుంచే వెళ్లాలి. రెండువేల స్టాప్‌లాస్ పెట్టుకున్న మనిషికి ఒక నెల జీతం మొత్తం ఇరుక్కోవడం అన్నది బడ్జెట్‌లో ఎక్కడా లేని పద్దు.

యాప్ గెలుపు ఇవ్వకుండా ఆపేస్తే అడిగే చోటు కూడా లేదు. కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు. గెలిచిన డబ్బు కోసం కోర్టుకు వెళ్లలేరు. పక్కూరి బుకీ ఎగ్గొట్టినా అంతే. ఓడిన డబ్బు మాత్రం ముందే కట్టి ఉంటారు. కాబట్టి తొంభై పైసల లెక్క కూడా కాస్త దయగా వేసిన లెక్కే. గెలిచిన తొంభై ప్రతిసారీ చేతికి వస్తుందని అది నమ్మింది.

## బడ్జెట్ వ్యసనంగా మారిందని ఎలా తెలుస్తుంది

జూదం వ్యసనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల పట్టికలో చేర్చింది. మానసిక వైద్యులు చూసే గుర్తుల్లో ఎంత పోయిందన్న అంకె లేదు. పోయినది రాబట్టడానికి మళ్లీ వెళ్లడం, అదే ఉత్సాహం కోసం మొత్తం పెంచుకుంటూ పోవడం, ఎంత ఆడుతున్నదీ ఇంట్లో దాచడం, ఆపుదామంటే చిరాకు పుట్టడం, డబ్బు కోసం ఇతరుల మీద ఆధారపడటం లాంటివి ఉన్నాయి. అమెరికా వైద్యుల మార్గదర్శక పట్టికలో ఇలాంటివి తొమ్మిది, ఏడాదిలో నాలుగు కనిపిస్తే జబ్బుగా లెక్కిస్తారు. పై సూపర్‌వైజర్ మూడోవారానికే మూడు దాటాడు: పందెం పెంచడం, రాబట్టాలని ఆడటం, చేబదులు. భార్యకు చెప్పలేదంటే నాలుగు. ఒక నెల చూసి జబ్బు అనలేం, కానీ బడ్జెట్ మాత్రం అప్పటికి బడ్జెట్‌గా లేదు.

ఇంట్లోవాళ్లకు ఇవి వేరే రూపంలో కనిపిస్తాయి. చీటీ వాయిదా రెండుసార్లు ఆలస్యం కావడం, జీతం పడిన రోజే ఖాతా సగం కావడం, ఫోన్‌కు కొత్త లాక్, మ్యాచ్ లేని రోజున కూడా రాత్రి మేలుకోవడం. వీటిలో రెండు మూడు కలిసి వచ్చినప్పుడు నియమాలు మళ్లీ రాసుకోవడం వల్ల పెద్దగా లాభం ఉండదు. ఆ మనిషి నియమాలు ఇప్పటికే రాసి ఉన్నాడు. అప్పుడు చేయగలిగింది జీతం ఖాతా నుంచి అద్దె, ఫీజు, చీటీ ఒకటో తారీఖునే మరో ఖాతాకు వెళ్లిపోయేలా ఏర్పాటు చేయడం, ఇంటి ఖర్చు కార్డు ఇంకొకరి చేతికి ఇవ్వడం. వైద్య సలహాకు టెలీ మానస్ నంబరు 14416 ఉచితంగా తెలుగులో కూడా అందుతుంది. నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ పెద్దాసుపత్రుల మానసిక వైద్య విభాగంలో ఓపీ చీటీ రాయించుకుని కూడా చూపించుకోవచ్చు. అక్కడికి వెళ్లేటప్పుడు మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు తీసుకెళితే డాక్టరుకు పని తేలికవుతుంది. ఎంత ఆడుతున్నారని అడిగితే చాలామంది నోటితో చెప్పేది ఆ రెండువేల అంకే.